పెద్దనాయన పేరుతో ఉన్న చోటు

మా ఇంట్లో ఏది కొన్నా పెద్దనాయన పేరుతోనే. బోరు కరెంటు కనెక్షన్ ఆయన పేరు, గ్యాసు ఆయన పేరు, ట్రాక్టరు కాగితాలు ఆయన పేరు. నాయన ఆయనకు సొంత తమ్ముడు. ఒకే చేను, ఒకే దొడ్డి, ఒకే పొయ్యి. పెద్దవాడు ఉండగా చిన్నవాడి పేరు రాయించడం మా వైపు మర్యాద కాదు. ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన సంగతి అది.

కాబట్టి ఫోన్లలో ఫోటోలకూ మెయిళ్లకూ చోటు చాలడం లేదని ఇంటి మొత్తానికీ కలిపి ఫ్యామిలీ ప్లాన్ తీసుకున్నప్పుడు నేను చేసిన పని కూడా అదే. పెద్దనాయన ఫోన్ అడిగి తీసుకుని, ఆయన అకౌంటుతో గ్రూపు తెరిచి, ఆయన్ని మేనేజరుగా పెట్టి, నాయనను, నన్ను, చెల్లెలిని సభ్యులుగా చేర్చాను. ఆయనకు అదేమిటో తెలియదు. నేను ముదిగుబ్బ హైస్కూల్లో టీచర్ని, నలుగురు పిల్లలకు చెప్పగలిగినదాన్ని. నా పేరుతో పెట్టుకుని ఉంటే అడిగేవాళ్లు లేరు. కానీ చెయ్యి ఆడలేదు. ఈ కథలో మొదటి తప్పు నాది, ముందే ఒప్పుకుంటున్నాను.

పోయిన ఎండాకాలం అన్నదమ్ములు వేరుపడ్డారు. ఎండిపోయిన బోరు పక్కన ఇంకొకటి వేయించాలా, చీనీ చెట్లను, అదే బత్తాయి తోటను, వదులుకోవాలా అన్న దగ్గర మొదలై, ఎప్పుడో చిన్నప్పుడు ఎవరు ఎవరి చొక్కా వేసుకున్నారన్న దాకా పోయింది. ఊరి పెద్దలు కూర్చుని భాగాలు పంచారు. ఎవరికి వారే యమునా తీరే. పెద్దనాయన చేను దగ్గర రేకుల ఇల్లు వేసుకుని వెళ్లిపోయాడు.

మా పెద్దనాయనకు ఒక పట్టింపు ఉంది. భాగాలైన తరువాత అవతలివాళ్ల వస్తువు మీద తన పేరు ఉంటే ఆయనకు అన్నం సహించదు. కరెంటు ఆఫీసుకు పోయి పేరు మార్పించాడు. గ్యాసు కాగితం తమ్ముడికి రాయించాడు. ఇంటి మెసేజీల గ్రూపులో నుంచి కూడా బయటికి పోయాడు. అందులో ఆయనొక్కడే అడ్మిన్. ఆయన పోగానే ఆ పెత్తనం దానంతటదే నాయన మీద పడింది. గ్రూపు గ్రూపుగానే ఉంది, మేనమామల పొద్దున్నే శుభోదయాలు ఒక్కటి కూడా ఆగలేదు.

ఆ తరువాత పది రోజులకు చెల్లెలు నాకు ఫోన్ చేసింది. మా చెల్లెలు నర్సింగ్ చదివింది. అంతకు ముందు రెండు చోట్ల ఉద్యోగానికి చివరిదాకా పోయి వెనక్కి వచ్చింది. ఈసారి బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంటర్వ్యూ బాగా చేసింది, ఉత్తరం మెయిల్లో పంపుతామన్నారు.

"అక్కా, నాతో పాటు వచ్చిన పాపకు లెటర్ వచ్చేసింది. శుక్రవారం లోపల ఒప్పుకుంటామని తిరిగి పంపాలంట. నాకు ఇంగా రాల్యా. నన్ను తీసుకోల్యేదేమో," అంది. ఏడుపు ఆపుకుంటోందని గొంతులోనే తెలిసింది.

అప్పటికి బుధవారం పొద్దున. ఉండు, మెయిల్ పనిచేస్తోందో లేదో చూద్దామని బడి మెయిల్ నుంచి దానికి ఒక మాట రాసి పంపాను. నిమిషంలో తిరిగి వచ్చింది. అవతలి పెట్టె నిండింది, అందుకోలేదు అని. వెంటనే నా సొంత మెయిల్ తెరిచి వెతికితే, వారం కిందటి ఉత్తరం ఒకటి చదవకుండా పడి ఉంది. మీ ఫ్యామిలీ గ్రూపు తొలగించబడింది, ఇకమీదట పంచుకున్న చోటు మీకు ఉండదు అని అందులో ఉంది. అడ్వర్టైజ్‌మెంట్ అనుకుని వదిలేసినట్టున్నాను. చెల్లెలి ఫోన్ కూడా స్టోరేజ్ నిండిందని రోజూ చెబుతూనే ఉందట. అది ఎప్పుడూ చెప్పేదే కదా అని వేలితో పక్కకు తోసేసిందట. టీచరుకు ఒక హెచ్చరిక, నర్సుకు ఒక హెచ్చరిక, ఇద్దరికీ మార్కులు సున్నా.

పాతవేవీ పోలేదు. ఫోటోలూ మెయిళ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ చెల్లెలి ట్రైనింగ్ వీడియోలు ఉచితంగా ఇచ్చే చోటు హద్దును ఎప్పుడో దాటిపోయాయి. గ్రూపు ఉన్నంత కాలం అది బయటపడలేదు. గ్రూపు పోగానే కొత్త మెయిల్ లోపలికి రావడం ఆగింది, బయటికి పోవడమూ ఆగింది. ఆసుపత్రి ఉత్తరం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయి ఉంటుంది.

సెలవు పెట్టి ఊరికి పోయాను. నాయన అరుగు మీద మండిపడుతున్నాడు.

"తడి గుడ్డతో గొంతు కోసినాడు మా యన్న. నా మీద కోపముంటే నా మీద సూపాల. ఆడబిడ్డ బతుకు మీద సూపిస్తాడా?" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. చెల్లెలిని బండి వెనక ఎక్కించుకుని నేరుగా రేకుల ఇంటికి పోయాను. పెద్దనాయన మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. భాగాలైన తరువాత ఆయన గడప దగ్గరికి మేము రావడం అదే మొదలు.

"పెద్దనాయనా, ఫ్యామిలీ ప్లాన్ మీరే తీసేసినారా?" అన్నాను, బాగున్నారా అని కూడా అడగకుండా.

"నా పేరు తీసినా. ముదిగుబ్బ బస్టాండు కాడ సెల్లు అంగడి ఆయప్పతో తీయించినా. ఏమాయ?"

"మీ పేరు కాదు, గ్రూపే పోయింది. చెల్లెలికి ఉద్యోగం లెటర్ రాకుండా ఆగిపోయింది."

ఆయన చేతిలోని కాయలు చాటలో పడ్డాయి. "అదెట్ల పాపా? మెసేజీల గ్రూపులో నుంచి నేను పోతే మీ నాయన పెద్దయినాడు కదా. ఇదీ అంతే అనుకుంటి. అంగడాయప్ప ఏదో చెప్పినాడు, డిలీట్ అయితాది అని. నా పేరు పోతే సాలు, వాళ్లది వాళ్లకుంటాదిలే అంటిని. భాగాలైనాంక వాళ్ల దాంట్లో నా పేరెందుకు?"

అప్పుడు నా కోపం ఎటు పోవాలో తెలియక నా మీదికే తిరిగింది. మేనేజరు మాత్రం ఒక్కడే తప్పుకునే దారి ఆ ప్లాన్‌లో లేదు. పెత్తనం ఇంకొకరికి అప్పజెప్పే మీట కూడా లేదు. సభ్యులు ఎప్పుడైనా పోవచ్చు, మేనేజరు పోవాలంటే గ్రూపునే తుడిచేయాలి. గ్రూపు పెట్టిన రోజే ఈ ముక్క ఆయనకు చెప్పాల్సింది నేను. పెద్దరికం ఇచ్చాను గానీ, దాని బరువు ఎంతో చెప్పలేదు.

"ఇప్పుడు మల్లా పెట్టచ్చునా?" అన్నాడు ఆయన, ఫోన్ నా చేతిలో పెడుతూ. "నా దుడ్లు కట్టిందే కదా, నా ప్లాన్ నాకుండాదంట. పాపను చేర్చుకో. ఇప్పుడే."

అది నిజమే. ప్లాన్ ఆయన దగ్గర అలాగే ఉంది, ఇంకో గ్రూపు తెరిచి పిలిస్తే చెల్లెలికి పది నిమిషాల్లో చోటు దొరుకుతుంది. నేను తెరవబోయాను కూడా. చెల్లెలు నా మణికట్టు పట్టుకుంది.

"వద్దక్కా. ఒక గ్రూపులో నుంచి ఇంకో గ్రూపుకు మారేది ఏడాదికి ఒక్కసారేనంట, ఆడ రాసుండాది. రేపు మల్లా వీళ్లిద్దరికీ మాటామాటా వస్తే నేను ఏడాది దాకా ఎవరి దాంట్లోకీ పోల్యేను. నేనే పెట్టుకుంటా, నా పేరుతో."

ఇరవై మూడేళ్ల పిల్ల. మా ఇంట్లో దాని పేరుతో ఒక మేక కూడా లేదు. ఆ మాట అని తనే భయపడినట్టు పెద్దనాయన వైపు చూసింది. ఆయన మళ్లీ కూర్చుని, మంచం మీద జరిగి దానికి చోటిచ్చాడు.

సిగ్నల్ కోసం చీనీ చెట్ల గట్టు దాకా పోయి, అక్కడ నిలబడి చేశాం. దాని అకౌంటులో ప్లాన్ తీసుకుంది, గ్రూపు తెరిచింది. మీరు ఫ్యామిలీ మేనేజర్ అని తెర మీద వచ్చింది. కాసేపటికి స్టోరేజ్ హెచ్చరిక పోయింది. నేను బడి మెయిల్ నుంచి మళ్లీ ఒక మాట పంపాను, ఈసారి చేరింది. కానీ వెనక్కి పోయిన ఉత్తరాలు వాటంతటవి తిరిగి రావు. ఆసుపత్రికి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. నాలుగుసార్లు ఎవరూ ఎత్తలేదు. ఐదోసారి ఒకావిడ ఎత్తింది. రెండుసార్లు పంపాం, రెండుసార్లూ తిరిగి వచ్చింది, మీకు అవసరం లేదేమో అనుకున్నాం అంది. చెల్లెలు ఇంగ్లీషు, కన్నడం కలిపి, ఊపిరి తీసుకోకుండా, ఒక్కసారి పంపండి మేడమ్ అంది.

అరగంట గట్టు మీదే కూర్చున్నాం. పెద్దనాయన మా దగ్గరికి రాలేదు. దూరంగా చెట్టు మొదట్లో గొంతుకూర్చుని, ఎండు పాదును చేత్తో తవ్వుతూ, అందులో పోయడానికి నీళ్లు లేవని తెలిసీ తవ్వుతూనే ఉన్నాడు. ఆయన మీద నాకు అంత ప్రేమ ఉందని ఆ రోజు దాకా నాకే తెలియదు.

ఉత్తరం వచ్చింది. చెల్లెలు చదివింది, మళ్లీ చదివింది, ఒప్పుకుంటున్నానని అక్కడే నొక్కి పంపింది. అప్పుడు ఏడ్చింది.

పెద్దనాయన లేచి వచ్చాడు. "వచ్చిందా?"

"వచ్చింది పెద్దనాయనా. పదో తేదీకి పోవాల."

ఆయన తువాలుతో మొహం తుడుచుకున్నాడు. అది చెమట కాదని ముగ్గురికీ తెలుసు. చెల్లెలు నన్ను, నాయనను గ్రూపులోకి పిలిచింది. తరువాత "మిమ్మల్ని కూడా పిలిచినా పెద్దనాయనా. మీ పాత ప్లాన్ ఆపేయచ్చు," అంది.

"నన్నెందుకమ్మా. నేను ఎప్పుడు ఏమి చేస్తానో నాకే తెల్యదు. మల్లా పోతే?"

"పోండి. మీరిప్పుడు మెంబరే కదా. మీరు పోయినా మా కాడ ఏమీ ఆగదు."

ఎగతాళి కాదు, కోపం కాదు, రోగికి మందు సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం భయమేసింది. తను లేకపోతే ఈ ఇంట్లో దీపం కూడా వెలగదని నమ్మిన డెబ్భై ఏళ్ల మనిషి ఆయన. మేమూ అలాగే నమ్మించాం. ఆయన నా చేతిలో నుంచి తన ఫోన్ తీసుకున్నాడు. చేరు అన్న చోట బొటనవేలితో నొక్కాడు.

"అట్లే ఉండల్ల పాపా," అన్నాడు. "నేను పోతే నిలిచిపోయేది ఈ ఇంట్లో ఏదీ ఉండగూడదు. ఈ మాట ముందే ఎవురన్నా చెప్పింటే, నేను అన్ని పేర్లు మోసేవాణ్ని కాదు."