రెండు నిమిషాల యాభై సెకన్ల స్వాగతం

ఆంజనేయప్రసాద్ ఏ పనినీ నేరుగా మొదలుపెట్టడు. పార్కింగ్ లాట్‌లో కారు అడ్డు తీయమని అడగాలన్నా ముందు బాగున్నారా అంటాడు, తర్వాత పిల్లలు బాగున్నారా అంటాడు, ఆ తర్వాత వాతావరణం మీద ఒక మాట వేసి అప్పుడు కారు దగ్గరికొస్తాడు. ఈలోగా అవతలివాడు తనంతట తానే కారు తీసేసి వెళ్లిపోయిన సందర్భాలున్నాయి. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రపు నోవై ఊళ్లో తెలుగువాళ్ల సభ ఏది జరిగినా మైకు ఆయనదే. వేదిక మీద పదిమంది ఉంటే పదిమందినీ వయసు ప్రకారం, హోదా ప్రకారం, ఎవరూ నొచ్చుకోకుండా పలకరించి కూర్చోబెట్టగల మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు.

ఉద్యోగం మాత్రం కార్ల కంపెనీలో, మోతలు పట్టుకోవడం. కారు నడుస్తుంటే ఎక్కడ గరగరమంటోంది, ఎక్కడ వణుకుతోంది అన్నది గ్రాఫులు చూసి చెప్పాలి. పదిహేడేళ్లుగా అదే పని.

మిషిగన్ చలి కొత్తగా చూస్తున్న కుటుంబాల కోసం ఆయన మూడేళ్ల క్రితం యూట్యూబ్‌లో ఒక చానల్ పెట్టాడు. పేరు ‘మంచులో మన ఇల్లు’. డ్రైవ్‌వేలో ఉప్పు ఎప్పుడు చల్లాలి, బయటి కుళాయి ఎప్పుడు కట్టెయ్యాలి, అలాంటివి. చెప్పే సంగతి ఎప్పుడూ మంచిదే. కానీ అక్కడికి చేరడానికి ముందు ప్రేక్షక మహాశయులకు నమస్కారం, చానల్ ప్రారంభోత్సవానికి విచ్చేసిన పెద్దలకు కృతజ్ఞతలు, తనకు ఇంటి పనుల్లో స్ఫూర్తి అయిన మామగారు శ్రీ పరంధామయ్యగారికి పాదాభివందనం, కెమెరా పట్టిన చిరంజీవి దియకు ఆశీస్సులు ఉంటాయి. మొత్తం రెండు నిమిషాల యాభై సెకన్లు.

భార్య శ్రీవిద్య ఒకసారి అంది కూడా. “ఏవండీ, అది ఉప్పు గురించిన వీడియోనా, శుభలేఖా?”

“సంస్కారం అనేది ఒకటుంటుంది విద్యా” అన్నాడు ప్రసాద్.

ఆ జనవరిలో ఒక శనివారం రాత్రంతా మంచు దంచికొట్టింది. ఆదివారం పొద్దున్నే ఫోన్. తేజేశ్వర్. మంచు ఎరగని టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఉద్యోగం మారి నవంబరులోనే నోవై వచ్చిన కుర్రాడు. మూడు వీధుల అవతల అద్దె ఇల్లు. ఇంట్లో భార్య సుమతి, ఏడు నెలల పాప.

“అన్నా, ఫర్నేస్ బంద్ అయింది, వేడిగాలి వస్తలేదు. ఇంట్ల టెంపరేచర్ ఫిఫ్టీ టూ ఫారెన్‌హీట్‌కి పడ్డది. ఓనర్ ఫోన్ లేపుతలేడు. పాప చేతులు చల్లగైతున్నయి.”

ప్రసాద్ బాగున్నారా అనడం మర్చిపోయి పార పట్టుకుని బయల్దేరాడు. వెళ్లి తేజేశ్వర్ ఇంటి పక్కగోడ చుట్టూ తిరిగాడు. అనుకున్నంతా అయింది. గోడలోంచి బయటికొచ్చే రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలుండాలి, ఒకటి ఫర్నేస్ గాలి పీల్చుకునేది, ఒకటి పొగ వదిలేది. గాలి కొట్టుకొచ్చిన మంచు నడుముల దాకా పేరుకుని రెండింటినీ మింగేసింది. ఊపిరాడకపోతే ఫర్నేస్ తనంతట తానే ఆగిపోతుంది. పొగ ఇంట్లోకి మళ్లకుండా చూడటం దాని మంచితనం. చేతుల్తో మంచు తోడి, గొట్టాల చుట్టూ రెండడుగుల జాగా చేసి, లోపలికెళ్లి ఫర్నేస్ ఆపి మళ్లీ వేస్తే, రెండు నిమిషాల్లో వేడిగాలి మొదలైంది. సుమతి పాపను గాలి వచ్చే చోట ఎత్తుకుని నిలబడింది.

ప్రసాద్ చేతులు దులుపుకున్నాడు. “తేజా, పోయిన నెల ఈ గొట్టాల గురించే వీడియో పెట్టాను కదయ్యా. మన వాట్సాప్ గ్రూపులో లింకు కూడా వేశాను.”

“చూసిన అన్నా! దానికి లైక్ గూడ కొట్టిన.”

“మరి?”

తేజేశ్వర్ భార్య వైపు చూశాడు. సుమతి నేల వైపు చూసింది.

“చూసిన అంటే... మీ మామగారి దాక చూసిన అన్నా. తర్వాత ఆఫీస్‌ల కాల్ వచ్చింది.”

ఇంటికొచ్చి ప్రసాద్ బల్ల దగ్గర కూర్చున్నాడు. కాఫీ చల్లారింది. పాప చేతులు చల్లబడటం ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. శుక్రవారం ఇంకో తుఫాను ఉందని ఫోన్‌లో అప్పటికే హెచ్చరిక. గ్రూపులో ఆ శీతాకాలం కొత్తగా చేరిన కుటుంబాలు నలభై పైన. వాళ్లందరి దగ్గరికీ పార పట్టుకుని పరిగెత్తలేడు.

పదో క్లాసు చదివే దియ లాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది. “నాన్నా, రిటెన్షన్ గ్రాఫ్ ఎప్పుడైనా చూశావా? ఎవరు ఎక్కడ వెళ్లిపోయారో ఇట్ షోస్.”

మూడేళ్లలో ఆయన చూసింది లైకుల సంఖ్య ఒక్కటే. అడుగున వీడియో సమయం, పక్కన ఇంకా చూస్తున్నవాళ్ల శాతం. గీత నూరు దగ్గర మొదలై కొండ అంచు నుంచి దూకినట్టు దూకింది. ముప్పయ్యో సెకనుకి నలభై మూడు. మూడు నిమిషాల అయిదో సెకనులో గొట్టాలు తెరమీదకొచ్చేసరికి పద్దెనిమిది.

“నూట నలభై మందిలో గొట్టం చూసింది ట్వంటీ ఫైవ్ పీపుల్ నాన్నా.”

పరాయివాళ్ల కారు గ్రాఫైతే ప్రసాద్ క్షణంలో తేల్చేసేవాడు. ఇది సొంత కారు. “జనానికి తొందరమ్మా ఈ రోజుల్లో” అంటూ గీత వెంట వేలు జరిపాడు. నలభై అయిదో సెకను దగ్గర వేలు ఆగింది. అక్కడ గీత పడటం మాని పైకి లేచింది! చిన్న గుట్టలా పన్నెండు శాతం లేచి మళ్లీ దిగింది. “ఇదిగో! పాదాభివందనం దగ్గర! చూశావా విద్యా? సంస్కారానికి ఇంకా విలువ ఉంది. అసలు ఈ ముక్కనే ముందుకి తెచ్చి ఇంకొంచెం పెంచితే...”

“పెంచుతారా?” అంది శ్రీవిద్య. దోసె గరిటె గాల్లోనే ఆగిపోయింది.

“గీత పైకి లేచిందంటే కొత్తవాళ్లు వచ్చారని కాదు నాన్నా. వెనక్కి జరిపి మళ్లీ చూశారని. సమ్‌బడీ రీవైండ్ చేశారు. చాలాసార్లు.”

సరిగ్గా అప్పుడే మేడమీద గదిలోంచి ప్రసాద్ గొంతే వినిపించింది. ‘...స్ఫూర్తిప్రదాత, మా మామగారు, శ్రీ పరంధామయ్యగారికి...’ ఆగింది. మళ్లీ, ‘...స్ఫూర్తిప్రదాత, మా మామగారు...’

ముగ్గురూ మెట్ల వైపు చూశారు.

పరంధామయ్య ఆర్టీసీలో డిపో మేనేజరుగా రిటైరయ్యాడు. నాలుగేళ్లుగా కూతురి దగ్గరే ఉంటున్నాడు. ఐప్యాడ్ చంకన పెట్టుకుని కిందికి దిగాడు. దియ సూటిగా అడిగేసింది. “తాతగారూ, ఆ వీడియో ఎన్నిసార్లు వెనక్కి జరిపారు?”

“ఎన్నిసార్లేమిటే, ఏదో ఒకటి రెండు.” మనవరాలు కళ్లు తిప్పలేదు. “మా డిపోవాళ్లు ముగ్గురికి ఫోన్‌లో వినిపించాను. అందులో ఒకడికి చెవుడు. వాడికే ఏడెనిమిది సార్లు పట్టింది.”

ప్రసాద్ మొహంలో గుట్ట కూలిపోయింది. విషయం విని పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని గ్రాఫు ముందు కూర్చున్నాడు. గీతను ఎలా చదవాలో దియ చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

“ఇలాంటివి ముప్పయ్యేళ్లు చూశానమ్మా. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు. ఇక్కడేముంది... బస్సు డిపో గేటు దాటలేదు, సగంమంది దిగిపోయారు. ఎందుకు దిగారు? డ్రైవరు ఇంజను ఆన్ చేసి, గేటు దగ్గర ఒక్కొక్కరినీ పలకరిస్తున్నాడు. ఊరెళ్లాల్సినవాడు ఎంతసేపు కూర్చుంటాడు ప్రసాద్ బాబూ?”

“మరి మీ పేరు, మామగారూ...”

పెద్దాయన గుట్ట వైపు కాసేపు చూశాడు. “నన్ను దించెయ్యి. ఉచిత పాసు మీద ఎక్కినవాణ్ణి, నా కోసం బస్సు ఆపుతారా?” అన్నాడు. గొంతు మాత్రం డిపో మేనేజరుది కాదు.

సోమవారం మంచు వల్ల బడికి సెలవు. ప్రసాద్ కొత్త ప్రారంభం రాయడానికి కూర్చున్నాడు. మొదటి ప్రతి చదివి వినిపించాడు. “అందరికీ నమస్కారం. సమయం విలువైనది కనుక నేరుగా విషయానికి వస్తాను. అయితే వచ్చేముందు...”

“ఆగండి” అంది శ్రీవిద్య.

రెండో ప్రతిలో నమస్కారం ఒక్కటే మిగిలింది, కానీ దానికి నాలుగు విశేషణాలున్నాయి. మూడోది వినకుండానే దియ కోటు వేసుకుంది. “నాన్నా, టైటిల్ గొట్టం అని చెప్తుంది. ఫస్ట్ ఫ్రేమ్‌లో గొట్టం లేకపోతే వాళ్లకి డౌట్ వస్తుంది. బయటికి రా.”

ఇంటి పక్కన మోకాళ్ల లోతు మంచులో నిలబెట్టి కెమెరా ఆన్ చేసింది. చలికి ప్రసాద్ విశేషణాలన్నీ గొంతులోనే గడ్డకట్టాయి. “ఫర్నేస్ ఆగిపోయిందా? ముందు బయటికెళ్లి ఇంటి గోడకి ఈ రెండు తెల్ల గొట్టాలు చూడండి. మంచు కప్పేసి ఉంటే చేత్తో తీసేయండి, పారతో కొట్టకండి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే మాత్రం గొట్టం సంగతి వదిలేసి, పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి 911కి ఫోన్ చేయండి.” ఇరవై రెండు సెకన్లు. ఆ తర్వాతే ఎందుకు, ఎలా అన్న వివరాలు.

ఆ రాత్రే వీడియో పెట్టారు, బుధవారం సాయంత్రానికి దాని గీత వచ్చింది. ముప్పయ్యో సెకనుకి డెబ్బై ఒకటి! శ్రీవిద్య చప్పట్లు కొట్టింది. ప్రసాద్ కొట్టలేదు. ఇప్పుడతను ఆఫీసు కళ్లతో చూస్తున్నాడు. “నలభయ్యో సెకను దగ్గర చిన్న గుంట ఉంది. అక్కడ నేనేమన్నాను?”

దియ వినిపించింది. ‘ఈ సందర్భంగా ఒక్క మాట మనవి చేసుకుంటూ...’

“ఎక్కడినుంచి దూరింది అది!” అన్నాడు ప్రసాద్ నొచ్చుకుంటూ. యూట్యూబ్ ఎడిటర్‌లో ఆ ఎనిమిది సెకన్లూ కత్తిరించారు. లింకు అదే, చూసినవాళ్ల లెక్కా అదే, మనవి మాత్రం మాయం. కొన్ని గంటల్లో కొత్త రూపం వచ్చేసింది. గురువారం లింకు మళ్లీ గ్రూపులో వేస్తూ ప్రసాద్ రాసింది ఒకే వాక్యం. ఆయన ఫోన్ ఎవరో కొట్టేశారనుకుని ఇద్దరు వాకబు చేశారు.

శుక్రవారం తుఫాను చెప్పినట్టే వచ్చింది. శనివారం తెల్లారేసరికి గ్రూపు నిండా ఫొటోలు. దేవుడి పటాలు కాదు, గొట్టాలు. గొట్టం పక్కన పార, గొట్టం పక్కన భర్త. ఒకావిడ గొట్టానికి బొట్టు కూడా పెట్టింది. తేజేశ్వర్ ఫోన్ చేశాడు.

“అన్నా, పొద్దుగాల ఆరింటికే సాఫ్ జేసిన. ఇంట్ల సెవెంటీ ఉంది. పాప స్వెటర్ గుంజి పారేస్తుంది.”

“సంతోషం తేజా. వీడియో ఎంతదాకా చూశావు?”

“మొత్తం చూసిన అన్నా. ఆఖరికి మీ మామగారి దాక!”

నిజమే. ఆఖరి పది సెకన్లలో, చెప్పాల్సిందంతా అయ్యాక, మంచులో వణుకుతూ ప్రసాద్ ఒక్క మాట అన్నాడు. ‘బస్సు ఎక్కడ ఆపకూడదో నేర్పిన మా మామగారు పరంధామయ్యగారికి నమస్కారం.’ దియ తీసేద్దామంది. ఈ ఒక్కటీ ఆయన ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం గ్రాఫు తెరిచారు. గీత నెమ్మదిగా, బుద్ధిగా దిగుతూ వచ్చింది. ఆఖరి పది సెకన్ల దగ్గర మాత్రం చిన్న గుట్టలా లేచింది.

మేడమీద మాటలు వినిపిస్తున్నాయి. “వినపడిందా? లేదా? ఉండరా, మళ్లీ పెడతాను.”