షీటు ఇవ్వనని రాసిన చీటీ

మా చిన్నతనంలో కంప్యూటర్‌ను కళ్లతో చూడకుండానే ప్రోగ్రాములు రాసేవాళ్లం... నమ్మరు కదా! డెబ్బైల చివర్లో పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీవాళ్లు నడిపిన ట్రైనింగ్ క్లాసులో నేను, యాదగిరి ఒకే బెంచీ. మీసాలు కూడా సరిగా రాని వయసు.

మాది సంగారెడ్డి, కిరాణా దుకాణం. వాడిది లక్డారం. వాళ్ల రెండెకరాలూ ఫ్యాక్టరీ కింద పోయాయి. ఇంటికో ఉద్యోగం అన్నారట... వాళ్ల నాయన ఆ మాట పట్టుకుని వీణ్ణి క్లాసులో చేర్పించాడు. వీడికి ఉద్యోగం వస్తేనే ఆ ఇల్లు నిలబడేది.

ఇప్పటి పిల్లలకు అప్పటి పద్ధతి చెబితే నవ్వుతారు. కోడింగ్ షీటు అని గళ్ల కాగితం ఉండేది. ఒక్కో వరుసకు ఎనభై గళ్లు, గడికో అక్షరం. మొదటి ఐదు గళ్లు వరుస నంబరుకు. ఆరో గడి ఖాళీగా వదలాలి... అందులో ఏదైనా రాస్తే, ఈ వరుస పై వరుసకు కొనసాగింపు అని యంత్రం అనుకుంటుంది. అసలు రాత ఏడో గడి నుంచే మొదలు.

సోమవారం సారు ఆ షీట్లు పట్నం తీసుకెళ్లేవారు. అక్కడ వరుసకో అట్టకార్డు చొప్పున చిల్లులు కొట్టేవాళ్లు. మనం ఎలా రాస్తే అలాగే... వాళ్లు దిద్దరు. ఆ కార్డుల కట్ట యంత్రంలో వేస్తే వచ్చిన కాగితం మళ్లీ సోమవారం మా చేతికొచ్చేది. తప్పు దొర్లితే ఇంకో వారం ఆగాల్సిందే.

చివరి పరీక్ష... ఇరవై అంకెల్లో పెద్దది కనుక్కోవాలి. జవాబు సరిగా వచ్చినవాళ్లే ఫ్యాక్టరీలో కొత్తగా పెట్టబోయే కంప్యూటర్ సెక్షన్ ఇంటర్వ్యూకు. అక్కడ బోర్డు దగ్గర నిలబడి ఎలా రాశారో వివరించాలి. ఈసారి రెండో అవకాశం లేదు.

శుక్రవారం క్లాసు అయ్యాక యాదగిరి నా భుజం మీద చెయ్యేశాడు. "అరేయ్, నీది అయిపోయింది గదా. జెర నీ షీటియ్యి రా, సూసి రాసుకుంట" అన్నాడు. మొహం మీద కాదనలేకపోయాను. రేపు చెప్తానని తప్పించుకున్నాను.

శనివారం పొద్దున చీటీ రాసి లక్డారం మీదుగా వెళ్లే బస్సు కండక్టర్ చేతికిచ్చాను. అప్పుడు మా ఉత్తరాలన్నీ అట్లాగే పోయేవి...

"యాదగిరీ, షీటు ఇయ్యను రా. కోపం జేసుకోకు. రెండు షీట్లు ఒక్కతీరుంటే ఇద్దరియ్యీ కొట్టేస్త అన్నడు సారు. ఒకవేళ దాటినా, ఇంటర్వ్యూల అడిగితే నువ్వేం చెప్తవ్? ఆదివారం మా ఇంటికి రా. ఇద్దరం కూసొని సదువుదాం. నీకొచ్చేదాకా చెప్త, ఒట్టు. బువ్వ మా ఇంట్లనే."

వచ్చాడు. అలిగినట్టే లేడు! నేను దుకాణంలోంచి ఇరవై ఉల్లిగడ్డలు తెచ్చి వరుసగా పేర్చాను. మొదటిది చేతిలో పట్టుకోమన్నాను. రెండోదాన్ని దానితో పోల్చు... పెద్దదైతే చేతిలోది పెట్టేసి దాన్ని పట్టుకో, కాకపోతే ముందుకు పో. ఇరవయ్యోది దాకా ఇదే పని.

పదో ఉల్లిగడ్డ దగ్గర వాడి మొహం వెలిగింది. "ఓరి! ఇప్పటిదాంక సూసినయిట్ల పెద్దది ఎప్పుడూ నా సేతిలనే ఉంటది గదరా!" అని అరిచాడు. మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి "ఉల్లిగడ్డలతోటి గిదేం సదువు బిడ్డా" అని నవ్వింది.

ఆ రోజు నేనెంత పొంగిపోయానో చెప్పలేను...

వాడు షీటు సొంతంగా రాశాడు, సోమవారం పొద్దున బస్సులో వస్తూ, మోకాలి మీద పెట్టుకుని. క్లాసు గుమ్మం దగ్గర నా చేతికిచ్చి "జెర సూడు రా" అన్నాడు. చదివాను. లెక్క సరిగ్గా ఉంది. పోల్చే వరుస, మార్చే వరుస, అన్నీ. "శభాష్, ఇచ్చెయ్" అన్నాను.

మాటలు చదివాను గానీ... గళ్లు లెక్కపెట్టలేదు.

మళ్లీ సోమవారం కాగితాలు వచ్చాయి. నా దాంట్లో జవాబు ఉంది. వాడి దాంట్లో తప్పు అని ఒక్క ముక్క. పోల్చే వరుస ఏడో గడిలో కాక ఆరో గడిలో మొదలైంది. యంత్రం దాన్ని పై వరుసకు అతికించి చదివింది. ఒక్క గడి... బస్సు కుదుపో, మోకాలు కదిలిందో!

సారును బతిమాలాను. "యంత్రం చదవనిది నేనెట్ల చదువుత?" అన్నారు. మరునాడే జాబితా వెళ్లిపోయింది.

బోర్డు దగ్గర నిలబెడితే మా అందరికంటే బాగా చెప్పగలిగినవాడు వాడే. నేను తిట్టించుకోవడానికి సిద్ధమై వెళితే, "నువ్వు సెప్పింది సమజైంది రా. నాయనకేం సెప్పాల్నో అదే సమజైతలేదు" అన్నాడు.

ఆ ఫ్యాక్టరీలోనే, వాళ్ల పొలం ఉన్నచోటే, మూటలు మోసే పనిలో చేరాడు. నేను కంప్యూటర్ సెక్షన్‌లో చేరాను. గేటు దగ్గర ఎదురైతే నవ్వేవాడు. తర్వాత్తర్వాత నేనే వేరే గేటు నుంచి వెళ్లడం మొదలుపెట్టాను... అవును, సిగ్గులేకుండా చెబుతున్నాను.

చాలా ఏళ్ల తర్వాత కూరగాయల అంగడిలో కనిపించాడు. నడుము వంగిపోయింది. ఉల్లిగడ్డలు ఏరుతున్నాడు... ఒకటి చేతిలో పట్టుకుని, పక్కదానితో పోల్చి, పెద్దదైతే మార్చి. నన్ను చూసి చేతిలోది పైకెత్తి చూపించాడు. "ఇంక మర్సిపోలే రా" అన్నాడు.

ఇప్పుడు మా మనవడు ఒక్క నొక్కుతో ప్రోగ్రాం మొత్తం స్నేహితులకు పంపేస్తాడు. ఎక్కడైనా తప్పుంటే యంత్రమే ఎర్రగీత గీసి చూపిస్తుంది. అది కనబడితే నేను లేచి బయటికి వెళ్లిపోతాను.

షీటు ఇవ్వకపోవడం తప్పని ఇప్పటికీ అనలేను. కానీ ఆ రోజు గుమ్మం దగ్గర ఇంకో నిమిషం నిలబడి గళ్లు లెక్కపెట్టి ఉంటే...

మీరూ ఎవరికైనా అంతా నేర్పించి, చివరి ఒక్కటి చూడకుండా వదిలేశారా? ఉంటే కింద రాయండి... నేనొక్కణ్ణే కాదని తెలుసుకోవాలి.