ముచ్చిక కింద తెలుపు

మునిలక్ష్మమ్మకు చదువు రాదు. పుంగనూరు దాటి మదనపల్లె రోడ్డులో ఉన్న మా నర్సరీలో పదహారేళ్లుగా విత్తనాలు వేస్తున్నది మాత్రం ఆమే. విత్తనం ఏ రంగు ప్యాకెట్లో వస్తే ఆ రంగు గుడ్డపీలిక ట్రే మూలన కడుతుంది. అందుకే మా దగ్గర రకాలకు కంపెనీ పేర్లు నడవవు. పచ్చప్యాకెట్టు, నీలిప్యాకెట్టు, ఎర్రప్యాకెట్టు అంటేనే అందరికీ అర్థమవుతుంది. రైతులు తీసుకుపోగా మిగిలిన మొక్కల్లో ప్రతి రకానివీ నాలుగైదు తీసి నీళ్లతొట్టి పక్కన కంచె వెంట నాటుతుంది. దాన్ని చూసి కూలీలు నవ్వుతారు. మిగిలిన నారు పారేయడానికి ఆమెకు మనసొప్పదని అనుకుంటారు.

నా పేరు సుష్మ. పదో తరగతి సగంలో మానేశాను. చదవడం, రాయడం వచ్చు కాబట్టి నర్సరీ ఫోను నా చేతికిచ్చారు. రైతులతో మాట్లాడాలంటే నాకు నోరు రాదు. వాట్సాప్‌లో రాయడం సులువు. ఎవరు ఏ ఫొటో పంపినా చూసి, జవాబు పెట్టడం నా పని.

బుధవారం మధ్యాహ్నం గుడుపల్లె దగ్గర నుంచి కదిరప్ప ఒక ఫొటో పంపాడు. రెండు నెలల కింద మా దగ్గర ఎకరన్నరకు వంగనారు తీసుకుపోయాడు. నీలిప్యాకెట్టు కావాలని అడిగి మరీ తీసుకున్నాడు. ఆ కాయ నల్లగా నిగనిగలాడుతుంది, కుప్పం మార్కెట్లో అదే పోతుంది. ఫొటోలో ఒక్కటే వంకాయ, అరచేతిలో పెట్టుకుని ఉంది. లేత ఊదా రంగు, కోడిగుడ్డు ఆకారం. కింద ఒక్క ప్రశ్న: "ఇది ఏ రకం?"

నేను ఫొటోను పెద్దది చేసి చూశాను. ఆ రంగు పచ్చప్యాకెట్టుదే అనిపించింది. నమ్మకం కోసం ఫోన్లో మొక్కలు గుర్తుపట్టే యాప్ తెరిచి అదే ఫొటో పెట్టాను. అది కూడా ఒక పేరు చెప్పింది. ఆ పేరు పచ్చప్యాకెట్టు మీద ఉండేదే. ఇక ఆలోచించలేదు. "ఇది పచ్చప్యాకెట్టు రకంలా ఉందండీ" అని రాసి పంపేశాను. ఆయన తిరిగి ఏమీ రాయలేదు.

మర్నాడు ఉదయం నర్సరీ యజమాని భారతమ్మకు ఫోను వచ్చింది. కదిరప్ప గొంతు దూరంగా నిలబడ్డ నాకూ వినిపించింది. నీలి అని చెప్పి పచ్చ ఇచ్చారని, కుప్పంలో ఎవరూ కొనరని, మధ్యాహ్నం మూడు గంటలకు ట్రాక్టర్ వచ్చి తోటంతా దున్నేస్తుందని, టమాటా నారు ఇంకో చోట చెప్పుకున్నానని అన్నాడు. "మీ నర్సరీ వాళ్లే రాతపూర్వకంగా ఒప్పుకున్నారమ్మా, ఇంకేం సాక్ష్యం కావాల?" అన్నాడు.

భారతమ్మ ఫోను పెట్టేసి ట్రేల మధ్య కూర్చున్న మునిలక్ష్మమ్మ దగ్గరకు వచ్చింది.

"నీ గుడ్డపీలికలు నమ్ముకోని పదహారేండ్లు నడిపితిని. ఈ రోజు ఆ తోట దున్నితే, రేపట్నుంచి నువ్వు రావద్దు లక్ష్మమ్మా."

మునిలక్ష్మమ్మ చేతిలోని విత్తనాలను గిన్నెలో పోసింది. ఆ రోజు వేసిన ట్రేలు తాను మరిచిపోలేదని, పీలికలు తప్పు కట్టలేదని మాత్రం అంది. మారిందని ఒప్పుకున్నదెవరని అడిగింది. భారతమ్మ నా వైపు చూసింది.

ఫోను తీసి నా జవాబు చదివి వినిపించాను. ఆమె తిడుతుందనుకున్నాను. మునిలక్ష్మమ్మ లేచి కంచె దగ్గరకు నడిచింది. నేను వెనకే వెళ్లాను.

తొట్టి పక్కన వంగ మొక్కలు రెండు గుంపులుగా ఉన్నాయి. ఒక గుంపుకు నీలి పీలిక, ఒక గుంపుకు పచ్చ పీలిక. అక్కడక్కడా వెతికి నాలుగు కాయలు కోసింది. వెనక్కి తిరిగి కొంగులో కలిపి నా ముందు పెట్టింది.

"ఏది నీలి, ఏది పచ్చ? సెప్పు పాపా."

నాలుగూ ఒకటే ఆకారం. రెండు ముదురు రంగు, రెండు లేత రంగు. ముదురువి నీలి, లేతవి పచ్చ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ముదురువాటిలో ఒకటి పచ్చ మొక్కది, లేతవాటిలో ఒకటి నీలి మొక్కది. లేతగా ఉన్న నీలికాయ గుబురు లోపల, ఎండ పడని చోట కాసిందట. ముదురుగా ఉన్న పచ్చకాయ సరైన వయసులో ఉందట. చేతిలో పెట్టుకుని చూసి కూడా నేను తప్పు చెప్పాను. మబ్బు వెలుతురులో, ఫోను తీసిన ఒక్క బొమ్మలో ఏం తెలుస్తుంది?

నాలుగు కాయలనూ గుడ్డలో కట్టుకుని, నన్ను కూడా రమ్మంది. అప్పటికి ఎనిమిదిన్నర.

పలమనేరు బస్సు ఎక్కాం. అక్కడ దిగి కుప్పం బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. దారిలో నాలుగుసార్లు కదిరప్పకు ఫోను చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. బైరెడ్డిపల్లె దాటాక ఎత్తాడు. మేం వస్తున్నామని మాత్రం చెప్పగలిగాను. "రాండి, దున్నేది సూసి పోదురు" అని పెట్టేశాడు. కిటికీ పక్కన మునిలక్ష్మమ్మ మూటను ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నేను మాత్రం మాటిమాటికీ టైము చూసుకుంటూ, నా మాట వల్ల ఎకరన్నర పచ్చని తోట మట్టిలో కలుస్తుందని, ఈమె పదహారేళ్ల పని కూడా దానితో పోతుందని లెక్క వేసుకుంటూ వచ్చాను.

కుప్పంలో దిగేసరికి ఒంటిగంటన్నర. గుడుపల్లె ఆటో నిండే దాకా కదలలేదు. ఊరి నుంచి తోటకు నడిచేసరికి రెండున్నర దాటింది. గట్టు మీద ట్రాక్టర్ నిలబడి ఉంది. డ్రైవరు టైరు నీడలో కూర్చుని బీడీ తాగుతున్నాడు. కదిరప్ప భార్య సరస్వతమ్మ మోటరు దగ్గర పైపులు చుడుతోంది. తోట మోకాలు దాటి గుబురుగా ఉంది, ఆకులు బారుగా, నల్లపచ్చగా.

కదిరప్ప మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"ఏమక్కా, పీలికలు తెచ్చినావా, మళ్లా కట్టేదానికి?"

సరస్వతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మునిలక్ష్మమ్మ కూడా నవ్వింది. తర్వాత, తోటలోకి వెళ్లొచ్చా అని అడిగింది. ఆయన వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె ఒక చివర నుంచి ఇంకో చివరకు అడ్డంగా నడుస్తూ వంగి వంగి చూసింది. మొదటి మొక్క దగ్గర ఆగలేదు. ఏడెనిమిది మొక్కలు వదిలి ఒకటి, ఇంకా వదిలి ఒకటి. గట్టు పక్కవి వేరు, లోపలివి వేరు. లేత కాయ ఒకటి, సరైన కాయ ఒకటి, ముదిరి పసుపు తిరిగింది ఒకటి. పది మొక్కల నుంచి పదహారు కాయలు కోసి గట్టు మీద పరిచింది. గుడ్డమూట విప్పి, కంచె దగ్గరివి నాలుగూ వాటి పక్కన, నీలి మొక్కలవి ఒక వైపు, పచ్చ మొక్కలవి ఒక వైపు పెట్టింది.

పరిచిన పదహారింటిలో గట్టు పక్క మొక్కలవి నల్లగా మెరుస్తున్నాయి. లోపలివి ఊదాగా వెలిసిపోయి ఉన్నాయి. కదిరప్ప వాటి వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"ఆకు ఎక్కువై లోపలివి ఎండ సూడలేదప్పా. యూరియా ఎంత ఏసినావు?"

సరస్వతమ్మ చెప్పింది, రెండు మూటలు అని, వద్దంటే వినలేదని. ట్రాక్టర్ డ్రైవరు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

అప్పుడు మునిలక్ష్మమ్మ ఒక కాయ తీసుకుంది. కాయ నెత్తిన టోపీలా అంటుకునే పచ్చటి ముచ్చికను గోటితో కొంచెం లేపి, ఆ కింది చర్మాన్ని చూపించింది. తెల్లగా ఉంది. ఇంకొకటి లేపింది, తెల్లగానే ఉంది. మా కంచె నీలికాయ లేపింది, అదీ తెలుపే. పచ్చప్యాకెట్టు కాయలు రెండూ లేపితే, ముచ్చిక కింద కూడా ఊదా రంగే.

నీలిప్యాకెట్టు కాయ రంగు ఎండతోనే వస్తుందని ఆమె చెప్పింది. ఎండ తగలని చోట, ముచ్చిక కింద, గుబురు లోపల, అది వెలవెలపోతుంది. పచ్చప్యాకెట్టుకు ఎండ ఉన్నా లేకపోయినా రంగు పడుతుంది. నాలుగేళ్లుగా కంచె దగ్గర చూస్తూ తెలుసుకున్నదట. అందుకే ముచ్చిక లేపి చూడకుండా, ఫొటో చూసి ఎవరైనా తప్పే చెబుతారని, ఆ ఫొటోలోది గుబురు లోపల కాసిన కాయే అయి ఉంటుందని అంది.

"అయితే ఇది నీలిప్యాకెట్టే అని రాసివ్వు," అన్నాడు కదిరప్ప.

"రాసేది నాకు రాదు. వొచ్చినా రాయను."

అందరం ఆమె ముఖం చూశాం. అవునంటే అక్కడితో అయిపోయేది.

"ముచ్చిక కింద తెల్లగుండే వంగలు ఇంకా సానా ఉండాయి కదిరప్పా. నా దగ్గర రెండు రకాలు ఉండాయి, ఈ రెండే కాదు లోకంలో ఉండేది. పచ్చప్యాకెట్టు కాదని మాత్రం సెప్తా. నీలిదే అని సెప్పాలంటే ప్యాకెట్టు మీద నంబరు, నా ట్రే పీలిక, ఈ కాయలు, మూడూ సరిపోవాల. అవి నర్సరీలో ఉండాయి. నువ్వొచ్చి సూడు. అంతదాకా దున్నొద్దు. కింది ఆకులు పీకి గాలి, ఎండ తగలనీ. పది దినాలు ఆగు. అప్పుడు కూడా కాయలు నల్లబడకపోతే, ట్రాక్టర్‌కు నేనే ముందు నడస్తా."

కదిరప్ప నా వైపు తిరిగాడు. మరి ఈ పాప పచ్చప్యాకెట్టని యాల రాసిందని అడిగాడు. ఆ ప్రశ్న ఎప్పుడు వస్తుందా అని ఉదయం నుంచీ ఎదురుచూస్తున్నాను. నేనెప్పుడూ రైతులతో గట్టిగా మాట్లాడింది లేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగాను.

"ఒక్క ఫొటో సూసి రాసినానన్నా. తెలీదని రాయాల్సింది. తప్పు నాదే, లక్ష్మమ్మది కాదు."

కదిరప్ప డ్రైవరును పిలిచి, వచ్చిన ఖర్చు ఇస్తానని, ఈ రోజుకు పొమ్మన్నాడు. ట్రాక్టర్ వెనక్కి తిరిగేటప్పుడు గట్టు మీద ఒక వంకాయ టైరు కింద పడి చితికింది. మునిలక్ష్మమ్మ దాన్ని తీసి, గింజలు చూసి, మళ్లీ కింద పెట్టింది.

శనివారం కదిరప్ప నర్సరీకి వచ్చాడు. ఖాళీ ప్యాకెట్లు, పీలికల పెట్టె, కంచె మొక్కలు అన్నీ చూసుకుని, సరిపోయాయని తల ఊపి వెళ్లాడు. మునిలక్ష్మమ్మ శుక్రవారం ఉదయమే ఎప్పటిలా పనిలోకి వచ్చేసింది. భారతమ్మ మళ్లీ ఆ విషయం ఎత్తలేదు. పన్నెండో రోజు ఫోనులో మళ్లీ ఒక ఫొటో వచ్చింది. గంపలో నల్లని కాయలు, కింద ఒక వరస: "సుష్మా, ఇప్పుడు సెప్పు. ఏ రకం?"

నేను అంతకు ముందే మునిలక్ష్మమ్మ దగ్గర కూర్చుని ఒక జవాబు రాసి పెట్టుకున్నాను. ఫొటో చూసి పేరు చెప్పలేమని, మొక్క మొత్తం, నాలుగు మొక్కల కాయలు, లేతది, ముదిరింది, ముచ్చిక లేపి, సైజు తెలిసేలా పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీసి పంపమని, ప్యాకెట్టు నంబరు కూడా కావాలని. అది తీసి ఆయనకే పంపాను.

ఆయన నవ్వే ఎమోజీ ఒకటి పెట్టి, ఇంకో ఫొటో పంపాడు. అందులో ఒక వంకాయ, ముచ్చిక లేపి ఉంది. పక్కనే అగ్గిపెట్టె.