ఆరు జట్లూ ఒకే వైపు

బెర్గెన్‌లోని కాలేజీ ప్రయోగశాలలో రాగ్నిల్డ్ ముప్పై ఏళ్లుగా భౌతికశాస్త్రం నేర్పుతోంది. ఆ మధ్యాహ్నం ఆమె విద్యార్థి ఐవిండ్ తన ప్రయోగం కాగితం తెచ్చాడు. స్ప్రింగు తుపాకీతో వదిలిన గుండు 2.41 మీటర్ల దూరంలో పడింది. పాత కొలతల్లోని వేగంతో లెక్కకడితే 2.46 రావాలి. రెండింటికీ మూడేసి సెంటీమీటర్లు అటూఇటూ పోవచ్చు.

"ఆ అటూఇటూ తేడా చూపే గీతలు కలిశాయి మేడమ్. సిద్ధాంతంతో సరిపోయినట్టేగా?"

"నీ ఒక్కడి లెక్కకి సరిపోయినట్టే," అంటూ సంతకం పెట్టబోయి ఆగింది.

ఆ వారం అదే తుపాకీ వాడిన మిగతా అయిదు జట్ల కాగితాలూ తీసింది. అన్నిట్లోనూ గీతలు కలిశాయి. కానీ గుండు అన్నిసార్లూ లెక్కకన్నా నాలుగైదు సెంటీమీటర్లు ఇవతలే పడింది. కొలతలో యాదృచ్ఛికంగా వచ్చే తేడాలైతే కొన్నైనా అవతల పడాలి. అంటే తుపాకీలోనే ఏదో సడలుతోంది.

వెనక బల్ల దగ్గర ఐవిండ్ జట్టులోని ఇన్‌గ్రిడ్ మళ్లీ అదే తుపాకీ స్ప్రింగు బిగిస్తోంది.

"ముఖం పక్కకి తిప్పు! మెల్లగా వదులు!" అని అరుస్తూ రాగ్నిల్డ్ అటు పరుగెత్తింది.

స్ప్రింగును పట్టి ఉంచే ఇనుప కొక్కేనికి వెంట్రుకంత పగులు, దాదాపు అవతలి అంచుదాకా.

"ఇంకొక్కసారి లాగి ఉంటే..." ఐవిండ్ మాట పూర్తిచేయలేదు.

రాగ్నిల్డ్ పాత కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆ అయిదు కాగితాల మీదా 'సరిపోయింది' అన్న రాత తనదే.