నాలుగు వందల పిక్సెళ్ల కార్డు

ఉప్పల్‌ల వెబ్ డిజైన్ నేర్పుతుంట. తెర సైజుకొక రూలు రాసే మీడియా క్వెరీ ఒక్కటి గూడ లేకుండ, పేజీల డబ్బాల లెక్క ఉండే కార్డులు వాటంతట అవే కిందికి దిగుతయని ఆ రోజు జర గొప్పగనే చూపించిన. repeat(auto-fit, minmax(400px, 1fr)) అని కోడ్ రాసి, పెద్ద తెర మీద బ్రౌజర్‌ను ఇరుకు జేస్తుంటే మూడు కార్డుల వరుస రెండయింది, రెండు ఒకటయింది. ఆ పేజీ లింకు క్లాసు వాట్సాప్ గ్రూపుల పెట్టిన.

నాచారం ఫ్యాక్టరీల డ్యూటీ దిగి క్లాసుకొచ్చే ఒకామె, "సార్, నా ఫోన్ల కార్డు అంచు కనిపిస్తలేదు," అన్నది.

నేను ఆ ఫోన్ దిక్కు సుత సూడలే. "ముందు ఫోన్ మార్చమ్మా," అన్న. అందరు నవ్విన్రు.

ఇంటికి పోతుంటే షేర్ ఆటోల నా ఖరీదైన ఫోన్ల అదే పేజీ తెరిచిన. కార్డు అంచు లేదు. కార్డు నాలుగు వందల పిక్సెళ్లకు తగ్గొద్దని రాసింది నేనే; ఫోన్ తెర అంత వెడల్పుండదు. కంప్యూటర్ల బ్రౌజర్ అంత సన్నగ కాదు గాబట్టి క్లాసుల బయటపడలే. తల ఎత్తబుద్ధి కాలే.

తెల్లారి 400px జాగల min(100%, 400px) పెట్టి, తెర చిన్నదైతే కార్డు గూడ అంతకే తగ్గేటట్టు జేసి, తప్పు నాదేనని అందరి ముందు చెప్పిన. "ఇప్పుడు నీ ఫోన్ల సూడమ్మా," అన్న.

ఆమె ఫోన్ బ్యాగుల నుంచి తియ్యలే.

"కొత్తది కొన్నంక సూస్త సార్," అన్నది.