చివరి వరుస సమాధులు

ఇక్కడ గల్ఫ్‌లో, సమాయిల్ ఊరు దాటాక వాగు ఒడ్డున ఒక పాత ఖబరస్తాన్ ఉంది. సమాధుల మీద పేర్లుండవు, నిలబెట్టిన రాళ్లే. పక్కనుంచి రోడ్డు వేస్తారట. దాని గీత సమాధుల మీదికి వస్తుందో లేదో, డ్రోన్ ఫొటోలు కలిపి పటం చేసి చెప్పడం నా డ్యూటీ. మామూలుగా నేల మీద గుర్తులు పెట్టి, వాటిని కొలిచి పటాన్ని సరిచేస్తాం. ఇక్కడ ఊరివాళ్లు పైన డ్రోన్ ఎగరేసుకోమన్నారు, లోపల మాత్రం కాలు పెట్టొద్దన్నారు.

అప్పుడిక ఒకటే దారి. గోడ బయట, కొలత ముందే తెలిసిన సర్వే రాయి మీద జీపీఎస్ రిసీవర్ నిలబెట్టాం. అదీ, డ్రోనూ ఒకే సమయంలో ఉపగ్రహాల సంకేతాలు నమోదు చేసుకుంటాయి. తర్వాత రెండూ కలిపి లెక్కేస్తే ఏ ఫొటో ఎక్కడ తీసిందో సెంటీమీటర్లలో తేలుతుంది. నాకు యంత్రాల మాట మీద గురి తక్కువ. అందుకే దగ్గరి కల్వర్టు మీద ఒక ప్లస్ గుర్తు వేసి, దాన్ని టోటల్ స్టేషన్ అనే సర్వే దుర్భిణితో విడిగా కొలిచి పెట్టుకున్నాను.

డ్రోన్ ఎగురుతున్నంతసేపూ ఒక ముసలాయన లోపల తిరుగుతూనే ఉన్నాడు. వాళ్లమ్మ సమాధి చివరి వరుసలో, రోడ్డు వచ్చే వైపు ఉంది.

"మా అమ్మ మీద నుంచి రోడ్డు పోతుందా?" అని హిందీలో అడిగాడు. పటం చూసి చెప్తానన్నాను.

ఘాలాలోని మా ఆఫీసులో పటం తెరిస్తే ఆయన మూడు చోట్ల ఉన్నాడు. కదిలే మనిషి వేర్వేరు ఫొటోల్లో పడితే అలాగే వస్తుందని నాకు తెలుసు. కానీ తల్లి సమాధి దగ్గర మనిషి లేడు, నీడ ఒక్కటే ఉంది. వెనక నిలబడ్డ మా డ్రైవరు, నిజామాబాద్ అన్న, రెండడుగులు వెనక్కేశాడు.

"గది బంజెయ్ తమ్మీ, నాకు భయమైతుంది."

అదీ ఫొటోల అతుకేనని చెప్పి, పటాన్ని రోడ్డు గీత దగ్గరికి జరిపాను.

గీత సమాధులకు దూరంగానే ఉంది. హమ్మయ్య అనుకుని కల్వర్టు గుర్తు చూశాను. ఉండాల్సిన చోటికి దాదాపు రెండు మీటర్లు పక్కన ఉంది! సాఫ్ట్‌వేర్ రిపోర్టు మాత్రం అంతా పచ్చగా, సెంటీమీటర్లే తేడా అంటోంది. ఒళ్లు మండింది. వెతికితే దొరికింది: సాఫ్ట్‌వేర్ సర్వే రాయి అసలు కొలతను వదిలేసి, రిసీవర్ తనకు తాను అంచనా వేసుకున్న చోటును పట్టుకుంది. మొదలే పక్కకు పోతే పటమంతా ఒక్క ముక్కగా జరుగుతుంది.

అసలు కొలత ఇచ్చి మళ్లీ నడిపాను. ప్లస్ గుర్తు తన చోటికి వచ్చింది. దాంతోపాటే రాళ్లన్నీ చప్పుడు లేకుండా గీత వైపు జరిగాయి. చివరి వరుస గీత కిందికి వెళ్లిపోయింది.

"ముంగటి పటమే పంపు. ముసలాయన సంబురపడ్తడు," అన్నాడు అన్న.

"కాగితం మీదే అన్నా ఆ సంబరం. బుల్డోజర్ అసలు కొలతలు చూసి వస్తుంది. పటంలో సమాధులు దూరంగా కనిపిస్తే ఎవరాపుతారు?"



చివరి వరుసకు ఎర్ర రంగు వేసి సరైన పటం పంపాను. రోడ్డు వాళ్లు గీతను అవతలికి జరిపారు. కొత్త గీత వెంట మేకులు పాతడానికి మళ్లీ వెళ్లాను. ముసలాయన నా పటం వైపు కూడా చూడలేదు. తల్లి రాయి నుంచి మేకు దాకా తనే అడుగులేసి చూసుకున్నాడు. తర్వాత ఆ రాయి పక్కన కూర్చుని, దాని మీద చెయ్యి వేసి నెమ్మదిగా అరబిక్‌లో అన్నాడు. ఆ రెండు ముక్కలు నాకూ తెలుసు.

"పడుకో, అమ్మా."