మొదటి పేరు గడిలో ఇంటిపేరు

పీహెచ్‌డీ విద్యార్థులకు గైడుగా ఉండటానికి నేను పెట్టుకున్న దరఖాస్తు ఒక శుక్రవారం వెనక్కి వచ్చింది. మూలన ఎర్ర సిరాతో ఒకటే మాట రాశారు: హెచ్-ఇండెక్స్ మూడు, కావలసింది ఐదు. అభ్యంతరముంటే నెలలోపు తెలపాలట. మనం రాసినదాన్ని ఇతరులు ఎంతగా వాడుకున్నారో చెప్పే అంకె అది. ఐదు రావాలంటే మన పేపర్లలో కనీసం ఐదింటిని, ఒక్కొక్కదాన్ని కనీసం ఐదుసార్లు, ఇతరులు తమ పేపర్లలో పేర్కొని ఉండాలి. పదేళ్లకు పైగా పసుపు దుంపకుళ్లు వెంట తిరుగుతున్న నాకు మూడేనా అని ఒళ్లు మండింది.

కోపం నా ఒక్కదాని కోసమే అయితే రెండు రోజుల్లో చల్లారేది. పెగడపల్లిలో వ్యవసాయ అధికారిగా చేస్తున్న ఒకామె ఆ ఏడే ఉద్యోగంలో ఉంటూ పీహెచ్‌డీ చేసేందుకు సీటు తెచ్చుకుంది. రైతుల చేలలో దుంపకుళ్లు చూసి చూసి, దాని సంగతి తేల్చాలని పట్టుబట్టిన మనిషి. నేను గైడు కాకపోతే ఆమెకు వేరే ఊళ్లో, వేరే పంట మీద పని అప్పజెప్తారు. శనివారం పొద్దున్నే ఫోన్ చేసింది.

"మేడం, లిస్టుల మీ పేరు లేదట గదా. నేను వరి మీద చెయ్యాల్నా ఇగ?"

"ఆగు, చూద్దాం," అన్నాను. ఏం చూడాలో నాకే తెలియదు.

జగిత్యాలలో మా కాలేజీ లైబ్రేరియన్ నాకంటే ఐదారేళ్లు పెద్ద. నెమ్మదైన మనిషి. ఏ విషయమైనా కొస దొరికేదాకా వదలడు. పేపర్లన్నిటినీ, వాటిని ఎవరెవరు పేర్కొన్నారో కూడా నమోదు చేసే సూచీని కంప్యూటర్లో తెరిచి, నా పేరు రకరకాలుగా కొట్టి చూశాడు. కొంతసేపటికి కుర్చీ నా వైపు తిప్పాడు.

"మేడం, మీరు ఒక్కలు కాదు. ముగ్గురున్నరు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. తెరమీద నిజంగానే ముగ్గురున్నారు. ముగ్గురివీ ఎక్కువగా పసుపు పేపర్లే, ముగ్గురిదీ జగిత్యాలే. నేను దరఖాస్తులో రాసింది వాళ్లలో ఒకామె అంకె మాత్రమే.

ఇంక అక్కడి నుంచి నాకు కోపం పోయి కుతూహలం పట్టుకుంది. ఈ ముగ్గురూ ఎట్లా పుట్టారు? మొదటి ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో పుట్టింది. మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు, పేరు వెనక రాసి పంపాను. సూచీకి మన అలవాటు తెలియదు. చివరనున్న మాటే ఇంటిపేరు అనుకుని, మా అమ్మానాన్న పెట్టిన పేరును ఇంటిపేరు చేసి, అసలు ఇంటిపేరును ఒక అక్షరానికి కుదించింది. తర్వాత ఎవరో చెబితే వరస మార్చి ఇంటిపేరు చివర రాశాను. దాంతో రెండో ఆమె పుట్టింది. నేను దరఖాస్తులో రాసిన మూడు ఈమెదే.

మరి వరస మార్చాక కూడా ఒక పేపరు మొదటి ఆమె ఖాతాలోనే ఎందుకు పడింది? లైబ్రేరియన్ ఆ పత్రికకు పేపరు పంపే ఫారం తీసి చూపించాడు.

"గీడ ఫస్ట్ నేమ్ అని ఉన్నది. మీరేం రాసిన్రు?"

"ఇంటిపేరు."

"ఎందుకు మేడం?"

"మొదట వచ్చేది అదే కదా సార్!"

అప్పుడు నవ్వాడు. ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు కూడా అట్లాగే నింపారట. బళ్లో హాజరు పిలిచిన నాటి నుంచి మాకు మొదట వినపడేది ఇంటిపేరే. మొదటి పేరు ఏదంటే మేమింకేం రాస్తాం?

మూడో ఆమెకు కారణం పెళ్లి. మా అత్తగారిది కోరుట్ల. ఓటరు కార్డు, రేషన్ కార్డు అన్నీ మారుతున్న ఊపులో రెండు పేపర్లలో కూడా ఆ ఇంటిపేరు పెట్టేశాను. ఎవరూ పెట్టమనలేదు. కొత్త పెళ్లికూతురి ముచ్చట, అంతే.

ముగ్గురినీ కలిపితే ఎంతవుతుందో ఆయన కాగితం మీద వేశాడు. మూడూ రెండూ రెండూ అని కూడితే కుదరదు. పేపర్లన్నీ ఒకే వరసలో, ఎక్కువసార్లు పేర్కొన్నది పైన వచ్చేట్టు పేర్చి మళ్లీ మొదటి నుంచి చూడాలి. చూస్తే సరిగ్గా ఐదు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"కూసోండ్రి మేడం," అన్నాడాయన. "గీ పైనున్నది మీదేనా? చేపల మీద?"

రెండో ఆమె ఖాతాలో అన్నిటికంటే పైన, ముప్పై ఒక్కసార్లు పేర్కొన్న పేపరు ఒకటుంది. చెరువు చేపలకు పట్టే బూజు తెగులు మీద రాసింది. నేను చేపను పళ్లెంలో తప్ప ఎక్కడా పరీక్షించలేదు. నా ఇంటిపేరే, నా మొదటి అక్షరమే ఉన్న ఇంకొకామె ఎక్కడో కోస్తాలో ఉంది. పసుపు దుంపను కుళ్లబెట్టేదీ ఒక బూజే కాబట్టి ఇద్దరం బూజుల మీదే పని చేస్తున్నట్టు లెక్క. సూచీ ఇద్దరినీ ఒకరనుకుంది. ఆ పేపరు తీసేస్తే నా ఐదు నాలుగవుతుంది.

అబద్ధం ఎందుకు, తీయబుద్ధి కాలేదు. దాన్ని నేను దొంగిలించలేదు, యంత్రమే తెచ్చి నా ఒళ్లో వేసింది. అడిగేవాళ్లు లేరు. పెగడపల్లి ఆమె గొంతు చెవిలో ఉండనే ఉంది. లైబ్రేరియన్ కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అట్లా ఏమీ అనని మనుషుల ముందు తప్పు చేయడం కష్టం.

"తీసేద్దాం సార్," అన్నాను.

"నాలుగైతది మేడం."

"కానీండి."

ఆ సాయంత్రం కోరుట్ల బస్సులో కూర్చుని పెగడపల్లి ఆమెకు ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాను. ఇంట్లో మా ఆయనకు సంగతంతా చెప్పి, ముగ్గురినీ ఒకటి చేయాలంటే ఏదో ఒక పేరు మీద నిలబడాలి, నా పేపర్లు ఎక్కువ మా పుట్టింటి పేరు మీదే ఉన్నాయి అన్నాను. ఎట్లా తీసుకుంటాడో అని కొంచెం బెరుకుగానే ఉంది.

"గదే పెట్టు. మాది ఓటర్ కార్డుల ఉన్నది గదా," అని అన్నం కలుపుకున్నాడు. నాకు తేలికైంది. అంత సులువుగా ఒప్పుకున్నందుకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

ఆదివారం సిరిసిల్లలో మా పుట్టింటికి వెళ్లాను. మా బాపుకు ఒకప్పుడు నాలుగు సాంచెలుండేవి. ఆ మరమగ్గాల చప్పుడులో గట్టిగా మాట్లాడీ మాట్లాడీ ఇప్పటికీ పక్కనున్నవాళ్లతో కేకేసినట్టే మాట్లాడతాడు. నా ముగ్గురి కథ చెబితే ఆసక్తిగా విన్నాడు.

"హెచ్ పెట్టి వెతికిన్రా, పెట్టక వెతికిన్రా?" అన్నాడు.

"ఏ హెచ్, బాపూ?"

"నీ పేర్ల హెచ్ లేదు బిడ్డా. బళ్లె నేనే రాపిచ్చిన. పదో తరగతి మెమోల సూడు. గా హెచ్ నువ్వు కాలేజీకి పోయినంక తగిలిచ్చుకున్నవు."

నిజమే. నా పేరులో ఒక 'త' ఉంది. బాపు దానికి ఇంగ్లీషులో టి ఒక్కటే వేయించాడు. వేరే రాష్ట్రాల వాళ్లు దాన్ని 'ట' అని పలుకుతుంటే చిరాకొచ్చి, పక్కన హెచ్ చేర్చి రాయడం మొదలుపెట్టాను. సర్టిఫికెట్లలో మాత్రం హెచ్ లేదు. చదువుకునే రోజుల్లో మా సార్ ఒక చిన్న పేపరు రాసి, అందులో నా పేరు మూడోదిగా వేశాడు. దాన్ని నేను ఎప్పుడో మరిచిపోయాను. ఆ పేపరుకు పేరు సర్టిఫికెట్ చూసే ఇచ్చి ఉంటాను.

అక్కడి నుంచే లైబ్రేరియన్‌కు ఫోన్ చేశాను. ఆదివారమైనా ఆయన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. హెచ్ తీసేసి, పేరునే ఇంటిపేరు చేసి కొట్టమన్నాను. ఫోన్లో కీబోర్డు టకటకలు వినబడ్డాయి.

"నాలుగో ఆమె దొరికింది మేడం. పేపరు ఒక్కటే. ఏడుసార్లు పేర్కొన్నరు."

ఐదుసార్లకు తగ్గకుండా పేర్కొన్నవి నాలుగే అనుకున్నాం, ఇదొకటి చేరి ఐదయ్యాయి. హెచ్ ఎక్కువైనందుకు హెచ్-ఇండెక్స్ తక్కువైందన్నమాట. బాపుకు అర్థమయ్యేలా చెప్పడానికి పావుగంట పట్టింది. అర్థమయ్యాక వాడకట్టంతా వినబడేలా నవ్వాడు.

సోమవారం సవరణ కోరుతూ పంపాం. నలుగురూ నేనే అని గుర్తులు పెట్టి, చేపల పేపరు నాది కాదని విడదీసి, ఒకే పేరు ఎంచుకున్నాను. పరిశోధకులకిచ్చే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య కూడా తీసుకుని, పాత రూపాలన్నీ అందులో చేర్చాను. అచ్చయిన పేపర్లలో పేరు మారదు, అవన్నీ ఒక మనిషివని తెలుస్తుంది, అంతే. "నంబరు ఉన్నది గదాని పేరు ఇష్టమొచ్చినట్టు రాయకుండ్రి. ఒక్క తీరే రాయాలె, హెచ్‌తో సహా," అని లైబ్రేరియన్ చీటీ మీద రాసి నా బల్లకు అంటించాడు.

మూడో వారంలో సవరణ జరిగింది. గడువుకు నాలుగు రోజుల ముందు అభ్యంతరం పెట్టాను, జాబితాలో పేరు వచ్చింది. పెగడపల్లి ఆమె మర్నాడే రెండు సంచుల కుళ్లిన పసుపు దుంపలు తెచ్చి నా గది నిండా వాసన చేసింది. ఇంత సంతోషంగా ఆ వాసన ఎన్నడూ పీల్చలేదు.

చేపల ఆమె మాత్రం మనసులో నుంచి పోలేదు. నా పేరే ఉన్న మనిషి ఎట్లుంటుంది? ఆమె పేపరు మీదున్న ఈమెయిలుకు జరిగిందంతా రాసి, మీ పేపరు మీ పేజీకి చేరిందో లేదో ఒకసారి చూసుకోండి అన్నాను. సరదాగానే రాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది.

"చేరిందండీ, చాలా థాంక్స్. రెండేళ్లుగా అది నా పేజీలో ఎందుకు కనబడటం లేదో అర్థం కాలేదు. ఎవరికి రాయాలో కూడా తెలియలేదు. నిరుడు నా ప్రమోషన్ ఒక్క అంకె తక్కువై ఆగిపోయింది."

నిందగా ఒక్క మాట లేదు. ఉంటే జవాబు రాయడం తేలికయ్యేది. లేచి బీరువాలోంచి నా గత రెండేళ్ల వార్షిక నివేదికలు తీశాను. అంకె చూడటమే తప్ప దాని కింద ఏ పేపర్లున్నాయో నేను ఒక్కసారీ తెరిచి చూడలేదు. రెండింటిలోనూ హెచ్-ఇండెక్స్ గడిలో నా చేతిరాతతో మూడు అని ఉంది, పక్కన నా సంతకం ఉంది. ఆ మూడులో ఒకటి ఆమెది.